చేతికి రాని డబ్బు జీతమెలా అయింది? సీపీఎస్ టీచర్ల ట్యాక్స్ ఫారంలో రెండు గళ్ళ కథ

చల్లపల్లి: ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టే రోజులు వచ్చాయంటే చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ మండలాల స్కూళ్ళలో పాఠాలతో పాటు ఇంకో పని మొదలవుతుంది. అదే ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారం. ఏడాది జీతమంతా రాసి, తగ్గింపులు చూపించి, డీడీఓ చేతిలో పెట్టాలి. పాత జీపీఎఫ్ ఉన్న సీనియర్లకు ఇది పెద్ద తలనొప్పి కాదు. సీపీఎస్‌లో ఉన్న టీచర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క అంశం దగ్గర పెన్ను ఆగిపోతుంది: ప్రభుత్వం తన వంతుగా పెన్షన్ ఖాతాలో వేసే 10 శాతాన్ని ఎక్కడ రాయాలి? జీతంలో కలపాలా, తగ్గింపుల్లో చూపాలా, అసలు రాయకుండా వదిలేయాలా?

ఒక స్టాఫ్‌రూంలో నలుగురు సీపీఎస్ టీచర్లుంటే నాలుగు రకాలుగా రాసే అవకాశం ఉంది. ఆ నాలుగింటిలో చట్టం చెప్పింది ఒక్కటే. మిగతా మూడింటిలో ఒకటి నష్టం లేని పొరపాటు, ఒకటి సొంత జేబుకు చిల్లు, ఇంకొకటి నోటీసుకు దారి.

ముందు ఈ 10 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబర్ 22న ఇచ్చిన జీవో 653తో కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం వచ్చింది. 2004 సెప్టెంబర్ 1న, ఆ తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళందరికీ అది తప్పనిసరి. ఉద్యోగి బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం జీతంలోంచి కట్ అవుతుంది. అంతే మొత్తం ప్రభుత్వం తన వైపు నుంచి వేస్తుంది. రెండూ కలిసి ఉద్యోగి పేరు మీద ఉన్న ప్రాన్ ఖాతాకు వెళ్తాయి. నోటిఫికేషన్ ముందు వచ్చినా అపాయింట్‌మెంట్ ఆలస్యమై ఈ గీతకు అవతల పడిపోయిన డీఎస్సీ–2003 టీచర్ల గొడవ వేరే కథ, అది ఇంకా నడుస్తూనే ఉంది. ఇక్కడ విషయం ట్యాక్స్ వరకే.

కేంద్రం కూడా అదే ఏడాది తన ఉద్యోగులకు కొత్త పెన్షన్ పద్ధతి తెచ్చి, దానికి తగ్గట్టు ఆదాయపు పన్ను చట్టంలో రెండు మార్పులు చేసింది. ఒకటి సెక్షన్ 17లో. యజమాని పెన్షన్ ఖాతాలో వేసే వాటా కూడా ఉద్యోగి ‘జీతం’ కిందికే వస్తుందని అక్కడ రాశారు. రెండోది సెక్షన్ 80సీసీడీ. అలా జీతంలో కలిపిన వాటాను ఒక పరిమితి వరకు తిరిగి తీసేసుకోవచ్చని అందులోని ఉపసెక్షన్ (2) చెబుతుంది. అంటే చట్టం కుడిచేత్తో కలిపి ఎడమచేత్తో తీస్తోంది. కలపడం ఒక గడి, తీయడం ఇంకో గడి. రెండూ జంటగా నడవాలి.

“నా చేతికి రాని డబ్బు నా జీతమెలా అవుతుంది సార్?” అని అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ డబ్బు రిటైరయ్యేదాకా కదలదు. ఉర్దూలో తన్‌ఖ్వాహ్ అంటే జీతం. దాదాపు అలాగే పలికే తనఖా తెలుగులో తాకట్టు. సీపీఎస్ వాటాకు ఈ రెండు అర్థాలూ సరిపోతాయి. అయితే చట్టం చూసేది చేతికొచ్చిందా లేదా అని కాదు, ఆ డబ్బు ఎవరి పేరు మీద జమైంది అని. ప్రాన్ ఖాతా ఉద్యోగి సొంతం కాబట్టి అందులో యజమాని వేసిన ప్రతి రూపాయీ ఉద్యోగి సంపాదనే. ప్రైవేటు ఉద్యోగుల పీఎఫ్‌కు ఈ తంతు లేదు. అక్కడ యజమాని వాటా 12 శాతం దాటితేనే జీతంలో కలుస్తుంది, అంతవరకు ఫారంలో కనిపించనే కనిపించదు. ఇంట్లో ఒకరికి పీఎఫ్, ఒకరికి సీపీఎస్ ఉంటే ఒకరి ఫారం చూసి ఇంకొకరిది నింపడం వల్ల వచ్చే గందరగోళం సగం ఇక్కడిదే.

ఇప్పుడు లెక్క. చల్లపల్లి మండలంలో పనిచేసే ఒక స్కూల్ అసిస్టెంట్ అనుకుందాం. ఇరవై ఏళ్ళ సర్వీసు, సీపీఎస్. బేసిక్, డీఏ కలిపి నెలకు లక్ష రూపాయలు, ఏడాదికి 12 లక్షలు. హెచ్‌ఆర్‌ఏ ఏడాదికి 90 వేలు. అంటే జీతం బిల్లులో కనిపించే మొత్తం 12,90,000. ప్రభుత్వ వాటా నెలకు 10 వేలు, ఏడాదికి 1,20,000. ఆయన 2025–26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో ఉన్నారు. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు, పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షల లోపుంటే పన్ను లేదు.

చట్టప్రకారం రాస్తే ఇలా వస్తుంది. 12,90,000కు 1,20,000 కలిపితే 14,10,000. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 13,35,000. సెక్షన్ 80సీసీడీ(2) కింద 1,20,000 తీస్తే 12,15,000. పన్నెండు లక్షల గీత దాటింది పదిహేను వేలే. స్లాబుల ప్రకారం పన్ను 62,250 వస్తుంది కానీ, గీత కాస్త దాటినవాళ్ళ కోసం మార్జినల్ రిలీఫ్ ఉంది. దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదు. కాబట్టి పన్ను 15,000, దాని మీద 4 శాతం సెస్ 600, మొత్తం 15,600 రూపాయలు.

అదే టీచర్ ప్రభుత్వ వాటాను అసలు రాయలేదనుకోండి. 12,90,000లోంచి 75 వేలు తీస్తే అదే 12,15,000. పన్ను కూడా అదే 15,600. ఫారం చట్టప్రకారం లేదు గానీ పన్నులో పైసా తేడా రాలేదు. కలిపి తీసేసినా, కలపకుండా వదిలేసినా లెక్క ఒకచోటికే చేరుతుంది. చాలా చోట్ల ఏళ్ళ తరబడి ఇలా నడిచిపోవడానికి కారణం ఇదే.

ఇక జేబుకు చిల్లు పడే రకం. బిల్లు తయారుచేసేవాళ్ళు ప్రభుత్వ వాటాను జీతంలో కలిపారు, తగ్గింపుల దగ్గర మాత్రం మర్చిపోయారు. లేదా “కొత్త విధానంలో తగ్గింపులేవీ లేవు కదా” అని కొట్టేశారు. అప్పుడు పన్ను వేయదగ్గ ఆదాయం 13,35,000. నాలుగు నుంచి ఎనిమిది లక్షల దాకా 5 శాతం చొప్పున 20 వేలు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం చొప్పున 40 వేలు, పైన మిగిలిన 1,35,000 మీద 15 శాతం చొప్పున 20,250. మొత్తం 80,250. ఇంత దూరం వచ్చాక మార్జినల్ రిలీఫ్ పనిచేయదు. సెస్‌తో కలిపి 83,460 రూపాయలు. కట్టాల్సింది 15,600. అంటే ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు 67,860 రూపాయలు ఎక్కువ కట్టినట్టు. టీచర్ ఇంట్లో అది పిల్లల ఏడాది ఫీజు.

ఈ పొరపాటుకు మూలం ఒక సగం నిజం. కొత్త విధానంలో 80సీ లేదు, ఇంటి అద్దె మినహాయింపు లేదు, ఉద్యోగి తన జీతంలోంచి కట్టే 10 శాతానికీ తగ్గింపు లేదు. పై టీచర్ సొంత వాటా 1,20,000 కూడా ఆ 12,90,000లోనే ఉండి పన్నుకు లోబడుతుంది. పాత విధానంలోనైతే ఆ సొంత వాటా లక్షన్నర పరిమితిలో పడుతుంది. ఎన్‌పీఎస్‌కే ప్రత్యేకంగా ఉన్న 50 వేల అదనపు తగ్గింపూ పాత విధానంలోనే దొరుకుతుంది. కొత్త దాంట్లో ఇవన్నీ పోయినా యజమాని వాటాకు ఇచ్చే 80సీసీడీ(2) తగ్గింపు మాత్రం మిగిలింది. సొంత వాటా, ప్రభుత్వ వాటా రెండూ ఒకే ప్రాన్‌లోకి వెళ్ళడంతో “ఎన్‌పీఎస్‌కు కొత్త విధానంలో ఏమీ రాదు” అనే మాట పుట్టింది. సొంత వాటా విషయంలో అది నిజం, ప్రభుత్వ వాటా విషయంలో తప్పు.

నాలుగోది తిరగేసిన రకం. జీతంలో కలపరు, తగ్గింపు మాత్రం చూపిస్తారు. 12,90,000లోంచి 75 వేలు, ఆపైన 1,20,000 తీసేస్తే 10,95,000. పన్నెండు లక్షల లోపే, పన్ను సున్నా. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఎక్సెల్ షీట్ ఏదైనా ఇలా చూపిస్తుంటే ఆనందపడే ముందు మొదటి గడి చూడాలి. ఎప్పుడూ కలపని డబ్బును తీసేశారంటే నిజమైన జీతంలోంచి 1,20,000 మాయం చేసినట్టే. పన్ను శాఖ దీన్ని ఆదాయం తక్కువ చూపడంగా లెక్కేస్తే ఎగ్గొట్టిన పన్నులో సగం జరిమానా పడుతుంది, కావాలని తప్పుగా చూపినట్టు తేలితే రెండింతలు. వడ్డీ వేరే. డీడీఓ మూడు నెలలకోసారి పన్ను శాఖకు పంపే టీడీఎస్ లెక్కలో ఒక అంకె, టీచర్ రిటర్న్‌లో ఇంకో అంకె ఉంటే కంప్యూటరే పట్టేస్తుంది. ఎవరూ కూర్చుని వెతకక్కర్లేదు.

దీన్ని ‘అదనపు ప్రయోజనం’ అని ఎందుకంటారో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదట్లో యజమాని వాటా కూడా 80సీతో కలిపి లక్ష రూపాయల పరిమితిలోనే ఉండేది. జీతంలో కలిపేవాళ్ళు, ఆ లక్ష ఎల్‌ఐసీతో, సొంత వాటాతో నిండిపోతే మిగతా దాని మీద పన్ను పడేది. 2011 ఫైనాన్స్ చట్టం 2011–12 నుంచి యజమాని వాటాను ఆ పరిమితి బయటికి తీసింది. అదనం అనేది ఈ అర్థంలోనే. ప్రభుత్వ ఉద్యోగికి అది కొత్తగా మిగిల్చేదేమీ లేదు, లేని భారం మీద పడకుండా చూస్తుందంతే. “80సీసీడీ(2)తో నీకు 1,20,000 తగ్గింపు వచ్చింది” అని ఎవరైనా అంటే, ఆ 1,20,000 ముందు కలిపిందేనన్న సంగతి పక్కనే చెప్పాలి.

పరిమితి శాతాల దగ్గర ఇంకో చిక్కుంది. చల్లపల్లిలోనే ఒక పోస్టల్ ఉద్యోగి, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక జిల్లా పరిషత్ టీచర్ పక్కపక్క ఇళ్ళలో ఉన్నారనుకుందాం. ముగ్గురూ 2004 తర్వాత కొన్నేళ్ళకు ఉద్యోగంలో చేరినవాళ్ళే, ముగ్గురికీ ఎన్‌పీఎస్సే. పోస్టల్ ఉద్యోగికి కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం వేస్తోంది, ఆ 14 శాతానికీ పన్ను తగ్గింపు ఇచ్చింది. టీచర్‌కు రాష్ట్రం వేసేది 10 శాతమే. పన్ను చట్టం మాత్రం రాష్ట్ర ఉద్యోగులకూ 14 శాతం దాకా ఒప్పుకుంది. 2022 ఫైనాన్స్ చట్టంతో వచ్చిన ఆ సవరణ 2019–20 సంవత్సరానికి కూడా వర్తించేలా వెనక్కి వెళ్ళింది. ఇక్కడ కొందరు పొరబడతారు. చట్టంలో 14 ఉంది కదా అని 10 శాతం వచ్చినవాళ్ళు 14 శాతం రాసుకోకూడదు. అది గరిష్ఠ పరిమితి. నిజంగా పడినదానికే తగ్గింపు.

బ్యాంకు ఉద్యోగిది ఇంకా విచిత్రం. 2020 నవంబర్‌లో కుదిరిన పదకొండో ద్వైపాక్షిక ఒప్పందంతో బ్యాంకులు తమ వాటాను 14 శాతానికి పెంచాయి. పన్ను చట్టంలో మాత్రం కేంద్రం, రాష్ట్రం కాని ‘ఇతర యజమానుల’కు పరిమితి 10 శాతంగానే ఉండిపోయింది. ప్రభుత్వ రంగ బ్యాంకు కూడా ఇతర యజమానే. దాంతో 14 శాతం జీతంలో కలిసేది, 10 శాతమే తీసేవాళ్ళు, మిగిలిన 4 శాతం మీద పన్ను పడేది. అరవై ఏళ్ళ దాకా చేతికి రాని డబ్బు మీద అప్పటికప్పుడు పన్ను. 2024 జూలై బడ్జెట్ దీన్ని సరిచేసింది, అదీ కొత్త విధానం ఎంచుకున్నవాళ్ళకే. 2024–25 నుంచి కొత్త విధానంలో యజమాని ఎవరైనా 14 శాతం దాకా తగ్గింపు ఉంది. పాత విధానంలోనే ఉండిపోయిన బ్యాంకు ఉద్యోగికి ఇప్పటికీ 10 దగ్గరే ఆగిపోతుంది. యూనియన్లు కొట్లాడి తెచ్చుకున్న 4 శాతం మీద పన్ను పడుతోందంటే ఈ సవరణ సగమే అయినట్టు.

ఇక మన రాష్ట్రానికి ప్రత్యేకంగా తగిలే సమస్య ఆలస్యం. జీతంలోంచి కోత నెలనెలా పడుతుంది, ప్రభుత్వ వాటా మాత్రం నెలల తరబడి ప్రాన్‌లో జమ కావడం లేదని ఉద్యోగ సంఘాలు ఎన్నోసార్లు అడిగాయి. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సీపీఎస్, జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ బకాయిల కింద రూ.6,200 కోట్లు విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. బకాయి పడింది గనకే విడుదల. ఆ ఆలస్యంతో పోయేది మార్కెట్ రాబడి ఒక్కటే కాదు, ట్యాక్స్ లెక్క కూడా కదులుతుంది.

ఎలాగంటే, సెక్షన్ 17 గానీ 80సీసీడీ(2) గానీ మాట్లాడేది ఖాతాలో ‘వేసిన’ వాటా గురించి. వేయాల్సిన వాటా గురించి కాదు. ప్రభుత్వం ఆరు నెలల వాటా ఆపితే ఆ ఏడాది ఆరు నెలలదే కలపాలి, ఆరు నెలలదే తీయాలి. ఇంతవరకు నష్టం లేదు. ఆగిపోయిన ఆరు నెలల డబ్బు వచ్చే ఏడాది ఒక్కసారిగా పడినప్పుడు చిక్కు వస్తుంది. పై టీచర్ లెక్కే తీసుకుందాం. ఆ ఏడాది 12 నెలల వాటా 1,20,000, పాత బకాయి 60,000, కలిపి 1,80,000 ఖాతాలో పడింది. తగ్గింపు పరిమితి ఆ ఏడాది బేసిక్, డీఏలో 14 శాతం, అంటే 1,68,000. మిగిలిన 12,000 తగ్గింపు బయట ఉండిపోతుంది.

పన్నెండు వేలే కదా అనిపిస్తుంది. కానీ ఈ టీచర్ ఉన్నది పన్నెండు లక్షల గీతకు ఆనుకుని. ఆదాయం 12,15,000 నుంచి 12,27,000 అవుతుంది. మార్జినల్ రిలీఫ్ జోన్‌లో గీత దాటిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది, కాబట్టి పన్ను 27,000, సెస్‌తో 28,080. ముందు కట్టాల్సింది 15,600. చేతికి రాని 12,000 కోసం చేతిలోంచి 12,480 పోయింది. దాదాపు 12,70,000 ఆదాయం దాకా ఇదే పరిస్థితి. రాష్ట్రం 10 శాతమే వేస్తుండటం వల్ల పరిమితిలో 4 శాతం ఖాళీ ఉంది. నాలుగైదు నెలల బకాయి ఆ ఖాళీలో సర్దుకుంటుంది. అంతకు మించితేనే ఈ దెబ్బ.

చాలా ఆఫీసుల్లో బిల్లులో చూపిన వాటానే తీసుకుని లెక్క కట్టేస్తారు, ఖాతా చూడరు. అందుకే రిటర్న్ వేసే ముందు ఉద్యోగి స్వయంగా ప్రాన్ లావాదేవీల స్టేట్‌మెంట్ దించుకోవాలి. అందులో ఉద్యోగి వాటా, యజమాని వాటా విడివిడిగా తేదీలతో ఉంటాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా యజమాని కాలమ్‌లో పడిన మొత్తమే అసలు అంకె. దాన్ని ఫారం 16 పార్ట్ బీతో పోల్చాలి. పై భాగంలో సెక్షన్ 17(1) కింద జీతం అని ఒక అంకె ఉంటుంది. జీతం బిల్లుల మొత్తం కంటే అది ప్రభుత్వ వాటా అంత ఎక్కువగా ఉంటే కలిపినట్టే. కింద తగ్గింపుల భాగంలో 80సీసీడీ(2)కి విడిగా వరుస ఉంటుంది. అక్కడ సున్నా ఉందా, అంకె ఉందా? పైన కలిపి కింద సున్నా ఉంటే అదే 67,860 రూపాయల రోగం. ఇప్పుడే కనిపిస్తే డీడీఓకు చెప్పి ఫారం సరిచేయించుకోవచ్చు. టీడీఎస్ కట్టేశాక తెలిసినా దారి మూసుకుపోలేదు. రిటర్న్‌లో తగ్గింపు తనే చూపించి ఎక్కువ కట్టింది రీఫండ్‌గా అడగొచ్చు, ప్రాన్ స్టేట్‌మెంట్ సాక్ష్యంగా దగ్గర పెట్టుకోవాలి. పాత విధానంలో రిటర్న్ వేసేవాళ్ళు ఇంకొకటి చూడాలి. ఉద్యోగ స్వభావం అడిగే చోట రాష్ట్ర ప్రభుత్వం కాకుండా ‘ఇతరులు’ అని ఎంచుకుంటే పరిమితి 10 శాతానికి పడిపోతుంది.

ప్రైవేటు ఉద్యోగి దగ్గర ఈ కథ తిరగబడుతుంది. విజయవాడలో ఏదో ఒక కంపెనీలో సీటీసీ 15 లక్షలు, అందులో బేసిక్ ఏడున్నర లక్షలు ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి పీఎఫ్ పక్కన పెడదాం. కొత్త విధానంలో పన్ను సెస్‌తో 97,500. అదే సీటీసీలోంచి బేసిక్‌లో 14 శాతం, అంటే 1,05,000 యజమాని వాటాగా ఎన్‌పీఎస్‌కు మళ్ళిస్తే పన్ను 81,120కి తగ్గుతుంది. మిగిలింది 16,380. ఇది నిజమైన మిగులు. ఎందుకంటే ఆ 1,05,000 అంతకుముందు చేతికొచ్చే జీతమే, ఇప్పుడది యజమాని వాటా అన్న పేరు మార్చుకుంది. కానీ చేతికొచ్చేది ఏడాదికి 88,620 తగ్గుతుంది, ఆ డబ్బు పెన్షన్ ఖాతాలో చిక్కుకుంటుంది. ఇంటి లోనుకో చెల్లెలి పెళ్ళికో డబ్బు కావాల్సినవాళ్ళకు ఇది మంచి బేరం కాదు. ఇంకో షరతు, ఈ దారి యజమాని ద్వారానే వెళ్ళాలి. ఉద్యోగి తనంతట తాను బ్యాంకు యాప్‌లో ఎన్‌పీఎస్ కడితే అది సొంత వాటా, కొత్త విధానంలో దానికి తగ్గింపు సున్నా. సొంత షాపు నడుపుకునేవాళ్ళకు యజమానే లేడు కాబట్టి 80సీసీడీ(2) అసలు వర్తించదు. పెద్ద జీతాల వాళ్ళకు ఒక మాట: పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్ యాన్యుయేషన్ కలిపి యజమాని వాటా ఏడాదికి ఏడున్నర లక్షలు దాటితే పైది పన్నుకు వస్తుంది.

తీసేసిన పన్ను శాశ్వతంగా పోయిందనుకోవడం కూడా పొరపాటే. రిటైరైనప్పుడు ప్రభుత్వ ఉద్యోగి ఖాతాలోంచి 60 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు, దాని మీద పన్ను లేదు. మిగతా 40 శాతంతో కొనే యాన్యుయిటీ నెలనెలా ఇచ్చే పెన్షన్ మాత్రం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. ఏళ్ళుగా నోటికి పట్టిన 80సీసీడీ(2) అనే పేరు ఫారాల్లో కనిపించదు. యజమాని వాటాను జీతంలో కలిపి, పరిమితి మేరకు తీసే పద్ధతి మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు డీడీఓలు తీసుకుంటున్న 2025–26 లెక్కలకు మాత్రం పాత చట్టమే, పాత నంబర్లే.